రెండు నవలలు, ఒక బెంచీ

ఆ ఏడు నా ముందుకొచ్చిన వ్యాసాల కట్టలో ఒక్కటి తప్ప అన్నింటికీ కాగితం మధ్యలో స్కేలు పెట్టి గీసిన నిలువు గీత ఉంది. గీతకు ఎడమవైపు మొదటి నవల, కుడివైపు రెండో నవల. ఎడమవైపు నాయిక వితంతువు అని రాస్తే, దానికెదురుగా కుడివైపు నాయకుడు రిటైరైన గుమాస్తా అని రాశారు. ఎడమవైపు పల్లెటూరు, కుడివైపు పట్నం. వీళ్లు చదువుతున్నది ఎం.ఏ. ఇంగ్లీషు, రెండో సంవత్సరం. అడిగింది రెండు నవలల మీద తులనాత్మక వ్యాసం. ఇచ్చింది వేరుకూ కాండానికీ తేడాలు.

వాళ్లను అని ఏం లాభం? ఎనిమిదో తరగతి సైన్సులో తేడాలు రాయండి అంటే గీత గీశారు, మార్కులు పడ్డాయి. పదో తరగతి సోషల్‌లో గీశారు, పడ్డాయి. అచ్చొచ్చిన గీతను ఎవరు వదులుకుంటారు? మా రాయచూరు జిల్లాలో పోల్చడమంటే స్కేలు తీయడమే. అంతకు ముందు ఏళ్లలో, గీత గీయడానికి మొహమాటపడిన మంచి పిల్లలు కొందరు వేరే దారి పట్టేవాళ్లు. ఒక పేజీ ఈ కథ, ఒక పేజీ ఆ కథ, మళ్లీ ఈ కథ. మధ్యలో 'ఇక రెండో నవల విషయానికి వస్తే' అని ఒక స్టాపు. రాయచూరుకూ మస్కికీ తిరిగే బస్సు నయం, దానికి ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఉంటారు. ఈ వ్యాసాల్లో ఎవరూ ఎక్కరు, ఎవరూ దిగరు. చివర్లో 'ఈ విధంగా రెండు నవలలూ దేనికవే గొప్పవి' అని చదివినప్పుడల్లా నాకు పళ్లు నూరుకోవాలనిపించేది.

ఈ రోగానికి మూలం కాలేజీ గేటు ఎదురుగా ఉన్న జెరాక్స్ దుకాణంలో దొరికేది. స్పైరల్ బైండింగు వేసిన నోట్సు. రాసింది మా డిపార్టుమెంటు పెద్దసారు. అందులో రెండు నవలల కథలు ఒకదాని తర్వాత ఒకటి, అధ్యాయం వారీగా, బోసి నోటివాడికి అన్నం కలిపి పెట్టినట్టు ఉండేవి. పెద్దసారు ఇంటర్నల్ మార్కులు కూడా అలాగే వేసేవారు. కథ పూర్తిగా చెప్పాడా, రెండూ సమానంగా చెప్పాడా. ఎడమచేత్తో జాన పెట్టి కొలవడం నా కళ్లతో చూశాను. నేను చదివి పెన్సిలుతో మార్కు వేస్తే, ఆయన జాన పెట్టి పెన్నుతో వేసేవారు. పెన్సిలుకూ పెన్నుకూ మధ్య ఉన్నదే నా ఉద్యోగం. నేను గెస్టు లెక్చరర్ని. అప్పటికి పదకొండేళ్లుగా గెస్టుని. పదకొండేళ్లు ఉన్న చుట్టాన్ని ఎవరూ చుట్టమనరు, కానీ ప్రభుత్వానికి ఆ మర్యాద ఎక్కువ. ఏటా జూన్‌లో కొనసాగింపు ఉత్తర్వు రావాలి, అందుకు పెద్దసారు ఒక ముక్క రాసి పంపాలి.

నవలల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నేను గొంతు చించుకున్నది దేనికో తెలియదు. ఒకటి తెలుగు నవల. కాలువ చిట్టచివర నాలుగెకరాలున్న వితంతువు నీళ్ల వంతు కోసం పంటకాలమంతా ఎదురుచూస్తుంది. పైవాళ్లు తాగి తేన్చాక మిగిలితేనే ఆమెకు. చివరికి ఒక తెల్లవారుజామున వెళ్లి తూము తలుపు తనే ఎత్తేస్తుంది. రెండోది కన్నడ నవల. ఒక గుమాస్తా రిటైరై పెన్షన్ కాగితం కోసం తను పనిచేసిన ఆఫీసు వరండాలోనే బెంచీ మీద టోకెను పట్టుకుని ఏళ్ల తరబడి కూర్చుంటాడు. చివరి పేజీలో అతని పేరు పిలుస్తారు. అతను లేవడు. మా సిలబస్‌లో ఈ రెండూ ఇంగ్లీషు అనువాదాలు. పిల్లలకు రెండు భాషలూ వచ్చు, అయినా ఇంగ్లీషులోనే చదవాలి, అదొక ముచ్చట.

కట్ట తీసుకుని క్లాసుకు వెళ్లి తిట్టాను. నాకు తిట్టడం బాగా వచ్చు. మా నాయన తహసీల్ ఆఫీసు బయట చెట్టు కింద కూర్చుని అర్జీలు రాసేవాడు. జనం వచ్చి పుట్టినప్పటి నుంచి కథ మొదలుపెడితే, కాసేపు విని కలం మూసేవాడు. "నువ్వు అడిగేది ఏంది, గది ఒక్కటి చెప్పు. రెండడిగితే రెండూ పోతయ్" అనేవాడు. అడిగేది తేలాక, కథలోంచి దానికి పనికొచ్చిన ముక్కలే ఏరుకునేవాడు. నేను విశ్వవిద్యాలయంలో నేర్చుకున్నదంతా కలిపినా ఇంతకు మించి లేదు. పిల్లలకు అదే చెప్పాను. రెండు నవలలనూ పక్కపక్కన పెట్టి మీరు ఏం అంటున్నారు? ఆ మాట ఎవరైనా కాదనడానికి వీలుండాలి. రెండింటిలోనూ బీదవాళ్లున్నారు అంటే ఎవడూ కాదనడు, అందుకే అది మాట కాదు. ఆ మాట ఒక్కటి పట్టుకుంటే పేరాలు నవలల వెంట నడవవు, దాని వెంట నడుస్తాయి. ప్రతి పేరాలోనూ రెండు నవలలూ ఉండాలి, ఒకే ప్రశ్నకు జవాబు చెబుతూ. కథలో ఆ ప్రశ్నకు అక్కరలేనిది ఎంత అందమైనదైనా తీసేయాలి. రెండూ ఒకటే జవాబు చెబితే సగం పనే అయింది. ఎక్కడ వేరవుతాయో, ఎందుకు వేరవుతాయో చెప్పాలి. పిల్లలు చక్కగా విని, నోట్సు రాసుకుని, మధ్యాహ్నం జెరాక్స్ దుకాణానికి వెళ్లారు.

గీత లేని ఆ ఒక్క వ్యాసం గిల్లేసూగూరు దగ్గర క్యాంపు నుంచి వచ్చే అమ్మాయిది. క్యాంపు అంటే వాళ్ల తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి పెట్టుకున్నవాళ్ల ఊరు. ఆ వ్యాసం బాగుందని కాదు. ఇదీ కథలు చెప్పుకుంటూ పోయింది. కానీ నాలుగో పేజీలో, ఎవరూ చూడరులే అన్నట్టు, ఒక వాక్యం ఉంది. 'ఈ ఇద్దరినీ అందరూ ఓపికమంతులంటారు, అనేవాళ్లు మాత్రం వాళ్లను కూర్చోబెట్టినవాళ్లే.' దాని కింద గీత గీశాను. అడ్డగీత.

మర్నాడు స్టాఫ్ రూముకు పిలిచి అడిగాను. ఈ వాక్యం ఎక్కడిది అంటే భయపడింది, ఎక్కడా ఎత్తలేదని ప్రమాణం చేయబోయింది. ఎత్తలేదని నాకు తెలుసు, ఇంత మాట మా జెరాక్స్ దుకాణంలో దొరకదు. తనకు ఆ వ్యాసం పరీక్ష కోసం మాత్రమే కాదని అప్పుడు చెప్పింది. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధనకు దరఖాస్తు చేస్తోంది. రాతపరీక్ష లేదు. అభ్యర్థి రాసిన వ్యాసం ఒకటి, పాఠం చెప్పిన ఒకరి ఉత్తరం ఒకటి పంపాలి, వ్యాసం నచ్చితేనే ఇంటర్వ్యూకు పిలుస్తారు. గడువు రెండు నెలలు. ఈ ఏడు పిలుపు రాకపోతే ఇంట్లో బీఈడీలో చేర్పిస్తారట, ఆ మాట అయిపోయిందట.

"అయితే మూడు పేజీలు చింపెయ్. నాలుగో పేజీల ఈ ఒక్క మాట ఉంచు. వ్యాసం ఇక్కడి నుంచి మొదలు" అన్నాను.

ఆ మూడు పేజీలకు వారం పట్టిందని నసిగింది. వారం పడితే ఏమైంది, వడ్లు దంచినా పొట్టు దంచినా అంతే సేపు పడుతుంది అన్నాను. నేను మంచివాణ్ని కాదు.

తర్వాత ఐదు వారాలు ఆ వ్యాసం చుట్టూ తిరిగాం. మొదట ఆమె 'ఎదురుచూపు' అని పేరు పెట్టి తెచ్చింది. ఎదురుచూపు విషయం మాత్రమే, దాని గురించి నువ్వేమంటున్నావని వెనక్కి పంపాను. రెండోసారి 'రెండు నవలల్లోనూ ఎదురుచూపు బాధాకరం' అని తెచ్చింది. కాదనేవాడెవడు అని మళ్లీ పంపాను. మూడోసారి వచ్చినప్పుడు కాగితం ఇవ్వలేదు. నిలబడి, వాళ్ల ఇంటి మాటలోనే చెప్పింది.

"మాదీ కాలువ చివరి భూమేనండి సార్. నీళ్లొచ్చేదాకా మా అమ్మ ఊరికే కూర్చోదు. బోదె పూడిక తీసుద్ది, గట్టు చెక్కుద్ది, లస్కరు ఏ పూట ఏ తూము దగ్గరుంటాడో లెక్కేసుకుంటది. నవల్లో ఆవిడా అంతేనండి. ఆ గుమాస్తా చేతిలో మాత్రం ఒక్క టోకెనుంటది. అంతే."

బోదె అంటే పొలంలోకి పారే పిల్లకాలువ, లస్కరు అంటే కాలువ తూములు ఎత్తీ దించే మనిషి. నేను ఆ నవలను ఏడేళ్లు పాఠం చెప్పాను. వితంతువు గట్టు చెక్కడాన్ని పల్లె వర్ణన అని దాటేస్తూ వచ్చాను. నాకు సిగ్గేసింది, సిగ్గేసినప్పుడు నాకు కోపం వస్తుంది. మరి గది రాయడానికి ఏం రోగం అన్నాను.

రాసింది. ఎదురుచూపు ఖాళీ సమయం కాదు, చేతిలో పని ఉన్నవాళ్లకు అది సన్నాహం, చేతిలో టోకెను మాత్రమే ఉన్నవాళ్లకు అది శిక్ష. ఇదీ ఆమె మాట. దీన్ని కాదనొచ్చు, అందుకే నిలబడింది. ఇక పేరాలు వాటంతటవే కుదిరాయి. ఎక్కడ కూర్చుని చూస్తారు, గట్టు మీదా బెంచీ మీదా. రోజులు ఎవరు లెక్కపెడతారు, ఆమె తనే, అతనికి ఆఫీసు. దాన్ని ఓపిక అని ఎవరంటారు. చివరికి ఏమవుతుంది. ప్రతి పేరాలో ఇద్దరూ ఎదురెదురుగా వచ్చి కూర్చున్నారు. వితంతువు కొడుకు పెళ్లి, గుమాస్తా తమ్ముడి అప్పు, నోట్సులో పేజీలకు పేజీలు మేసినవన్నీ ఎగిరిపోయాయి. ఈ నాలుగు పేరాల వరస మార్చి చూడమన్నాను. మార్చింది, కుదరలేదు. ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉన్నాయి కాబట్టి కుదరలేదు. గీత గీసిన వ్యాసాల్లో ఏ ముక్కను ఎక్కడ పెట్టినా ఏమీ కాదు.

కానీ చివరి పేరా తేలలేదు. పేరు పిలిస్తే గుమాస్తా ఎందుకు లేవడు? అలసిపోయాడు కాబట్టి అని రాసింది. అది జవాబు కాదన్నాను. వితంతువు కూడా అలసిపోయింది, ఆమె లేచింది కదా. వ్యాసమంతా ఆ ప్రశ్న మీద నిలబడి ఉంది, దానికి నా దగ్గరా జవాబు లేదు. నవల్లో ఎక్కడో ఉంటుంది, మళ్లీ చదువు అన్నాను. తెలియనప్పుడు మేష్టర్లందరూ అనేది అదే.

ఈ లోపల ఇంటర్నల్ మార్కులకు ఆమె తిరగరాసి ఇచ్చిన ప్రతి పెద్దసారు చేతికి వెళ్లింది. నేను పద్దెనిమిది అని పెన్సిలుతో వేశాను, ఇరవైకి. మరునాడు ఆయన గదికి రమ్మని కబురు. అమ్మాయి అప్పటికే అక్కడ తలుపు పక్కన నిలబడి ఉంది. హైదరాబాదు ఉత్తరం పెద్దసారు రాస్తే బరువుంటుందని నేనే ఆమెను ఆయన దగ్గరికి పంపాను. ఆయన వ్యాసం మీద జాన పెట్టి, తీసి, చాలా బాధగా చూశారు.

"గిదేందయ్యా, కథే లేదు. కొడుకు పెండ్లి లేదు, తమ్ముని అప్పు లేదు. రెండు నవలల్ని ఖిచిడీ చేసిండ్రు. ఎవరు చెప్పిండ్రు గిట్ల రాయమని?"

ఆ గదిలో ఫ్యాను శబ్దం ఎక్కువ. బల్ల మీద ఒక పచ్చ ఫైలు ఉంది. గెస్టు లెక్చరర్ల కొనసాగింపు ఫైలు పచ్చగా ఉంటుందని పదకొండేళ్లుగా నాకు తెలుసు. ఏప్రిల్ నెల. నేను ఐదు వారాలు గొంతు చించుకున్నాను, మూడు పేజీలు చింపించాను, పొట్టూ వడ్లూ అని సామెతలు చెప్పాను. ఆయన ప్రశ్నకు నేను చెప్పాల్సిన జవాబు ఒకే ఒక్క ముక్క, నేనే చెప్పిన సార్.

"నేను కథ కలుపుమనే చెప్పిన సార్. ఆ పిల్లే ఇనలే" అన్నాను.

అని ఊరుకోలేదు. ఆమె వైపు తిరిగి, పెద్దసారు ఎన్నో ఏళ్ల అనుభవంతో చెబుతున్నారనీ, కథలు తిరిగి చేర్చి తెమ్మనీ, తొందరపడొద్దనీ, కాస్త ఓపిక పట్టాలనీ నీతి చెప్పాను. ఓపిక అనే మాట ఆ వ్యాసం చదివినవాడు వాడకూడని మాట. నోటికి అదే వచ్చింది. ఆమె సరేనండి అంది, కాగితాలు తీసుకుని వెళ్లింది. పెద్దసారు నన్ను కూర్చోమని చా తెప్పించారు. తాగాను. బాగానే ఉంది.

నేను జన్మంతా ఇతరులను ఎగతాళి చేసి బతికినవాణ్ని. ఆ సాయంత్రం స్టేషన్ రోడ్డు మీద నడుస్తూ నన్ను నేను తిట్టుకోవడానికి ఒక్క మంచి మాట దొరకలేదు. ఆ పిల్ల హైదరాబాదుకు కథలు చేర్చిన ఖిచిడీనే పంపుతుందనీ, అక్కడివాళ్లు రెండో పేజీ కూడా తిప్పరనీ నాకు ఖాయంగా తెలుసు. తెలిసి ఇంటికి వెళ్లి పడుకున్నాను.

పది రోజుల తర్వాత ఆమె స్టాఫ్ రూముకు వచ్చింది. చేతిలో రెండు ప్రతులు. ఒకదానిలో కథలన్నీ యథాతథంగా, కొడుకు పెళ్లి విందుతో సహా. అది పెద్దసారుకు. మధ్యలో నిలువు గీత కూడా గీసింది, చాలా శ్రద్ధగా. రెండోది హైదరాబాదుకు. కథ ఒక్క ముక్క కూడా తిరిగి రాలేదు. చివరి పేరాకు జవాబు దొరికిందనీ, సరిగ్గా ఉందో లేదో చూడమనీ అంది. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

వ్యాసం ఇంగ్లీషులో ఉంది, ఆ పేరా నాకు ఇప్పటికీ తెలుగులోనే గుర్తుంది. 'గుమాస్తా అలసటతో ఆగిపోలేదు. నవల మధ్యలో, ఎవరూ పట్టించుకోని ఒక చోట, బంట్రోతు అతనికి చిన్న పని అప్పగిస్తాడు: కొత్తగా వచ్చేవాళ్లకు ఎక్కడ కూర్చోవాలో చూపించడం, తొందరపడొద్దని చెప్పడం. ఆ రోజు నుంచి అతను తన కాగితం గురించి అడగడు. చేతిలో పని ఉన్నవాళ్లకు ఎదురుచూపు సన్నాహమని ముందు అన్నాను. ఆ మాటను ఇక్కడ సవరించుకోవాలి. ఎవరి పని అన్నది కూడా చూడాలి. వితంతువు చేసింది తన పొలం పని. అతను చేసింది బెంచీ పని. అందుకే ఆమె లేచింది, అతను లేవలేదు.'

నవల తీసి చూశాను. ఉంది. నేను ఏడేళ్లుగా పాఠం చెప్పిన పుస్తకంలో, నా అండర్‌లైన్లకు రెండు లైన్ల కింద ఉంది.

చెప్పాల్సింది ఏమైనా ఉంటే క్షమించమని చెప్పాలి. నేను వ్యాసం గురించి మాట్లాడాను. తన మాటను తనే చివర్లో సవరించుకోవడం మంచి వ్యాసానికి గుర్తు అన్నాను. మొదటి పేరాలో దాని జాడ ఒకటి ముందే వేసి ఉంచు, లేకపోతే చివర్లో ఊడిపడ్డట్టు ఉంటుంది అన్నాను. ఆమె రాసుకుంది.

"ఈ చివరి పేరా ఎప్పుడు తట్టింది?" అని అడిగాను.

"పెద్దసారు గదిలోనండి" అంది.

ఉత్తరం పెద్దసారు రాయలేదు. కథలు చేర్చిన ప్రతి చూసి మార్కులు మాత్రం పదహారు వేశారు. ఉత్తరం నేను రాశాను, గెస్టు లెక్చరర్ అని సంతకం కింద పెట్టుకుని. ఆ హోదాకు హైదరాబాదులో ఎంత విలువ ఉంటుందో నాకు తెలుసు. అందుకే నా గురించి ఒక్క ముక్క రాయలేదు. ఈ వ్యాసంలోని ముఖ్యమైన ఆలోచనలో నాకు భాగం లేదు, దానికి నేను అడ్డుపడ్డాను కూడా అని రాశాను. నేను రాసినవాటిలో ఒకటే మాట చుట్టూ నడిచింది బహుశా ఆ అరపేజీ ఒక్కటే.

ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది, సీటు వచ్చింది. చెప్పడానికి కాలేజీకి వచ్చినప్పుడు పెద్దసారు ఆమెతో ఫోటో దిగారు. తర్వాతి ముద్రణలో జెరాక్స్ నోట్సుకు కొత్తగా ఒక పేజీ చేరింది. శీర్షిక 'ఎదురుచూపు: తేడాలు'. మధ్యలో నిలువు గీత.

నాకు జూన్‌లో కొనసాగింపు ఉత్తర్వు వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నాను. ఆ వారమే మొదటి సంవత్సరం పిల్లలు చేరారు. ఏ గది ఎక్కడో తెలియక వరండాలో గుంపుగా నిలబడ్డారు. పెద్దసారు గదిలోంచే నన్ను పిలిచి చూసుకోమన్నారు. నేను వెళ్లి, ఎవరెక్కడ కూర్చోవాలో చూపించాను.